సంతకానికి ముందు మూడు గ్రాములు

గంటకు 4 టన్నుల బియ్యం ఏరిపెడుతుందన్న మాట మీద ఒక రైస్ మిల్లు యజమాని 40 లక్షలు పెట్టి కలర్ సార్టర్ కొన్నాడనుకుందాం. కాంట్రాక్టులో పరీక్ష కూడా రాసుకున్నారు. రంగు గింజలు 3 శాతం ఉన్న బియ్యాన్ని గంటకు 4 టన్నుల చొప్పున ఎనిమిది గంటలు ఆపకుండా పోయాలి. ఏరిన బియ్యంలో అవి 0.2 శాతం దాటకూడదు. అంటే 500 గ్రాముల శాంపిల్లో ఒక్క గ్రాము.

ట్రయల్ రోజున మొదటి గంట శాంపిల్‌ని పళ్ళెంలో పోసి ఏరితే సరిగ్గా గ్రామే తూగింది. నాలుగో గంటకి మూడు గ్రాములైంది. కంపెనీ ఇంజనీరు బియ్యం ధార తగ్గించి 3 టన్నులకు దించాడు, మళ్ళీ గ్రాముకొచ్చింది. వెంటనే కాగితం తీశాడు: "మిషన్ నడుస్తోంది కదండీ, సంతకం పెట్టేయండి. మిగతాది వారంటీలో చూసుకుంటాం."

ఆ సంతకంతోనే చిక్కు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం సరుకును పరీక్షించుకునే అవకాశం కొన్నవాడికి ఉండాలి. కానీ ఒకసారి అంగీకరించాక, కాంట్రాక్టులో వేరే మాట లేకపోతే, యంత్రాన్ని వెనక్కి పంపే హక్కు పోతుంది. మిగిలేది ధరలో తగ్గింపో నష్టపరిహారమో. అంగీకారానికి సంతకమే అక్కర్లేదు కూడా. కాదని చెప్పకుండా తగినంత కాలం అట్టే పెట్టుకున్నా ఒప్పుకున్నట్టే. 'సర్దుకుంటుందిలే' అని సీజనంతా ఆడించేవాళ్ళు నష్టపోయేది ఇక్కడే.

అందుకని యజమాని చేయాల్సింది, 4 టన్నుల దగ్గర మూడు గ్రాములు వచ్చిందని ఆ కాగితం మీదే రాయించడం, పరీక్ష తప్పింది కాబట్టి అంగీకరించడం లేదని అదే రోజు ఉత్తరం ఇవ్వడం. బాగుచేసి మళ్ళీ పరీక్షకు పెట్టే అవకాశం ఎన్నిసార్లు, ఎన్ని రోజుల్లోపు అన్నది కాంట్రాక్టులోనే ఉండాలి. తిరస్కరించిన యంత్రాన్ని లారీ మాట్లాడి తిప్పి పంపే బాధ్యత, వేరే ఒప్పందం లేకపోతే, కొన్నవాడిది కాదు.

పరీక్ష నెగ్గాక మొదలయ్యేది లోపాల బాధ్యత కాలం. అప్పుడు బయటపడ్డ లోపాన్ని కంపెనీ తన ఖర్చుతో సరిచేయాలి. అయితే ఏ లోపం ఎవరిదన్న పేచీ వస్తుంది. రంగు గింజను గాలితో చిమ్మే ఎజెక్టర్లు మూసుకుపోతే, కంప్రెషర్ గాలిలో నూనె, తేమ వచ్చాయంటుంది కంపెనీ. ఆ కంప్రెషర్ మిల్లుదే అయితే మాట నిలుస్తుంది కూడా. గాలి ఎంత పొడిగా ఉండాలో ముందే రాసుకుని, ట్రయల్ రోజునే కొలిచి పెట్టుకోవాలి.

తేదీలు కూడా చూసుకోవాలి. 'బిగించి నడిపిన నాటి నుంచి 12 నెలలు, లేదా పంపిన నాటి నుంచి 18 నెలలు, ఏది ముందైతే అది' అనే షరతు మామూలే. కరెంటు కనెక్షన్ రాక యంత్రం తొమ్మిది నెలలు పెట్టెలోనే ఉందనుకోండి. నడిపాక మిగిలేది తొమ్మిది నెలలే.