వందమంది చెబుతారు... ఎవరి మాట వినాలి?

పొద్దున్నే తోటకెళ్లిన రైతు ఆయిల్‌పామ్‌ ఆకు తిప్పి చూశాడు. అడుగున తెల్లటి మైనపు పొడి, గుండ్రంగా ముగ్గేసినట్టు చుట్టలు. కింది మట్టల మీద మసి పూసినట్టు నలుపు. గుండె గుభేల్‌మంది. ఫొటో తీసి వాట్సప్‌ గ్రూపులో పెట్టాడు. టీ తాగి వచ్చేసరికి పాతిక జవాబులు! 'ఇవాళే మందు కొట్టు' అని ఒకరు, 'కొట్టావో కొంప మునిగిందే' అని మరొకరు. ఇంతకీ ఎవరి మాట వినాలి?

ఇది ఊహించి చెప్పిన సంగతే. కానీ అశ్వారావుపేట, దమ్మపేట మండలాల్లో ఆయిల్‌పామ్‌ ఉన్న ఏ ఇంటికీ కొత్తగా అనిపించదు. ఎకరాకు 57 మొక్కలు, నాలుగో ఏడు దాకా చేతికి పెద్దగా పంట రాదు, ఆ తర్వాత పాతికేళ్లకు పైగా అదే తోట. ఒక తప్పు సలహా విన్నా దాన్ని దిద్దుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఒకప్పుడు ఎవరి మాట రైతుదాకా రావాలో రేడియో వాళ్లో, వ్యవసాయ పత్రిక సంపాదకుడో నిర్ణయించేవారు. ఇప్పుడు ఆ పని రైతు చేతిలోని ఫోనుకే వచ్చిపడింది. దాన్ని నేర్చుకోవాల్సిందే!

లైకులు కాదు... ఆనవాలు చూడాలి

ఆ పాతిక జవాబుల్ని విడదీస్తే ఐదు రకాలే ఉంటాయి. మొదటిది, మందుల దుకాణం వారి సలహా. రెండోది, 'ఒక్క పిచికారీతో మాయం' అంటూ లక్షలమంది చూసిన వీడియో. మూడోది, ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో తెలియని ఫార్వర్డ్‌ కరపత్రం. నాలుగోది, మలేషియా తోట వీడియో. ఐదోది, 'మా కొబ్బరికీ ఇదే వచ్చింది, తొందరపడి మందు కొట్టొద్దు' అన్న కోనసీమ రైతు మాట.

ప్రతిదాన్నీ మూడు ప్రశ్నలు అడగాలి. చెప్పినవారు ఈ పురుగును స్వయంగా చూశారా? ఎక్కడ, ఏ పంట మీద? చెప్పినదానివల్ల వారికేమైనా అమ్ముడవుతుందా? ఈ మూడింటికీ జవాబు దొరకనిది ఎంతమంది మెచ్చుకున్నా పక్కన పెట్టాల్సిందే. దుకాణదారు చెప్పింది అబద్ధమని కాదు, దాన్ని మరోచోట సరిచూసుకోకుండా నమ్మకూడదంతే. మలేషియా వీడియో మంచిదే కావచ్చు. కానీ అక్కడ చాలా తోటలు వానతోనే బతికేస్తాయి. ఎండాకాలంలో చెట్టుకు రోజూ వందల లీటర్ల నీరు ఎలా ఇవ్వాలన్న అశ్వారావుపేట రైతు బెంగ అందులో కనిపించదు.

ఇక మిగిలింది కోనసీమ రైతు. ఆయన పురుగును చూశారు, తోటలో పోరాడారు, అమ్మేదేమీ లేదు. అయితే ఆయన పంట కొబ్బరి. అందుకే ఆయన మాటతో ఆగిపోకూడదు. అక్కణ్నుంచే అసలు వెతుకులాట మొదలవ్వాలి.

ఏరు వెంట పైకి నడిచినట్టు...

'మీకెవరు చెప్పారు?' ఆ రైతును అడగాల్సింది ఈ ఒక్క మాటే. కోనసీమలో ఆ ప్రశ్నకు జవాబు చాలావరకు అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం దగ్గరికి చేరుస్తుంది. ఈ పురుగు పేరు సర్పిలాకార తెల్లదోమ. మధ్య అమెరికాలో పుట్టిన దీన్ని 2004లో శాస్త్రవేత్తలు కొత్త జాతిగా వర్ణించారు. మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో బయటపడింది. తర్వాత గోదావరి జిల్లాల కొబ్బరి మీద, ఆయిల్‌పామ్‌ మీద పడింది. అంబాజీపేటలో దీనిమీద పనిచేసిన కీటక శాస్త్రవేత్తల్లో ఎన్‌.బి.వి.చలపతిరావు ఒకరు.

ఇప్పుడు ఆయన పేరుతో వచ్చిన పరిశోధన పత్రాలు, శిక్షణల వీడియోలు వెతికితే వాటి పక్కనే ఇంకొన్ని పేర్లు పదేపదే తగులుతాయి. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ, అక్కడ ఇదే తెల్లదోమ మీద పత్రాలు రాసిన కె.సెల్వరాజ్‌ అలాంటివే. మరోవైపు నుంచి, అంటే ఆయిల్‌పామ్‌ పేరుతో వెతికితే ఏలూరు పక్కన పెదవేగిలోని భారతీయ ఆయిల్‌పామ్‌ పరిశోధన సంస్థ దగ్గర తేలతాం. కొబ్బరి దారిలో వెళ్లినా, పామ్‌ దారిలో వెళ్లినా ఒకే సలహా ఎదురైతే అక్కడ బలమైన వేరుందని అర్థం. రంగంలో ఎవరు ముఖ్యులో తెలుసుకునే కొలత ఇదే. ఎంతమంది వాళ్లను ఫాలో అవుతున్నారన్నది కాదు... పని తెలిసినవాళ్లు ఎవరి పేరు చెబుతున్నారన్నది చూడాలి.

ఇక్కడో జాగ్రత్త. పదిమంది చెప్పినట్టే ఉంటుంది, తీరా చూస్తే పదిమందీ ఒకే వీడియోను పంచుకుని ఉంటారు. అది పది సాక్ష్యాలు కాదు, ఒక్కటే! మాటలు, ఫొటోలు అచ్చు ఒకేలా ఉంటే అనుమానించాలి.

ఆకే సాక్షి

ఆ దారులన్నీ చేర్చే సలహా ఏమిటి? కనిపించగానే రసాయన మందు కొట్టొద్దని. ఎన్‌కార్సియా అనే కంటికి ఆనని బుల్లి కందిరీగ ఈ తెల్లదోమ పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని చంపుతుంది. విషపు మందు కొడితే ముందు పోయేది ఆ మిత్రపురుగే. మైనపు పొడి చాటున మిగిలిన దోమ మళ్లీ విజృంభిస్తుంది. ఉద్ధృతి ఎక్కువగా ఉంటే ఆకు అడుగున గట్టిగా నీళ్లు కొట్టడం, వేపనూనె, ఐసేరియా అనే శిలీంద్రాన్ని పిచికారీ చేయడం లాంటివి చెబుతారు.

ఈ మాటను తోటలోనే పరీక్షించుకోవచ్చు. భూతద్దం పట్టుకుని ఆకు అడుగు చూస్తే దోమ పిల్లల్లో కొన్ని నల్లబడి ఉంటాయి. వాటి మీద సూదితో పొడిచినట్టు గుండ్రటి చిల్లు కనిపిస్తే కందిరీగ బయటికి వెళ్లిందన్నమాట. వారం వారం అలాంటివి పెరుగుతుంటే మిత్రులు పనిలో ఉన్నట్టే. పెరగకపోతే ఆ ఫొటోతోనే ఉద్యాన అధికారిని కలవాలి. మనం ఎంచుకున్నవారు చెప్పింది మన చెట్టు మీద నిజమవుతోందా లేదా అన్నదే వాళ్లకు అసలు పరీక్ష.

ఎంతమంది చాలు?

పదిమంది చాలు. పెదవేగి, అంబాజీపేట లాంటి పరిశోధన సంస్థలు రెండు మూడు. మండల ఉద్యాన అధికారి, ఆయిల్‌ఫెడ్‌ క్షేత్ర సిబ్బంది. అశ్వారావుపేట వ్యవసాయ కళాశాలలో తెలిసిన అధ్యాపకులుంటే ఒకరు. పదిహేనేళ్లకు పైబడిన తోటలున్న రైతులు ఇద్దరు ముగ్గురు. వాళ్లలో ఒకరైనా తన తప్పుల్ని దాచకుండా చెప్పేవారై ఉండాలి. మనతో ఏకీభవించని రైతు కూడా ఒకరుండాలి. లేకపోతే మన అభిప్రాయమే మనకు ప్రతిధ్వనిస్తుంది.

మిగతా గ్రూపుల్ని వదిలేయక్కర్లేదు, మ్యూట్‌లో పెడితే సరి. యూట్యూబ్‌లో పనికిరాని వీడియో వస్తే దాని పక్కనున్న మూడు చుక్కల మీద నొక్కి 'Not interested' ఎంచుకోవాలి. ఆ ఛానలే వద్దనుకుంటే 'Don't recommend channel' ఉంది. కోపంతో చూసినా సరే, చివరిదాకా చూశామంటే అలాంటివే మరికొన్ని వస్తాయి. ఫోనుకు మన చూపే తెలుసు, మన తిట్లు తెలియవు!

ఇంకో సంగతి. అధికారులు బదిలీ అవుతారు, శాస్త్రవేత్తలు పదవీ విరమణ చేస్తారు. అందుకే మనిషితో పాటు సంస్థనూ అనుసరించాలి. ఏడాదికోసారి, తొలకరికి ముందు తోట గట్లు చూసుకున్నట్టే ఆ పదిమంది జాబితానూ చూసుకోవాలి. ఈ ఏడాది ఎవరి మాట ఆకు మీద నిలబడింది? ఎవరిది నిలబడలేదు? నిలబడని పేరు తీసేసి, నిలబడినవారు ఎవరి పేరు చెబుతున్నారో వాళ్లను చేర్చుకోవాలి.

ఈసారి తెల్లచుట్టలు కనిపించినప్పుడు ఆ రైతు ఫొటో పెట్టేది పాతికమంది గ్రూపులో కాదు... ఇద్దరికే పంపుతాడు. టీ ఆరేలోపు జవాబు వస్తుంది.