ఒకే డబ్బా మాత్రలు, మూడు రిపోర్టులు

జుట్టు రాలుతోందని, నీరసంగా ఉందని కూతురు తెచ్చుకున్న మాత్రల్నే షుగర్ ఉన్న తల్లీ, కాలేయంలో కొవ్వు పేరుకున్న తండ్రీ వేసుకోవడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. డబ్బా విప్పేముందే ముగ్గురూ రక్తపరీక్ష చేయించుకున్నారనుకుందాం.

కూతురికి హిమోగ్లోబిన్ 12.2. రక్తం బాగానే ఉందనుకుంటారు అందరూ. కానీ ఫెరిటిన్ 9. ఒంట్లో ఇనుమును దాచిపెట్టే ప్రొటీన్ ఇది. ఈ నిల్వ అడుగంటాకే హిమోగ్లోబిన్ పడిపోవడం మొదలవుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దల్లో 15 కన్నా తగ్గితే లోపమేనంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 30 లోపుంటేనే అనుమానించే డాక్టర్లు చాలామంది. ఆమెకు ఐరన్ అవసరమే. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందేమో కూడా చూడాలి. మాత్రను కాఫీ, టీలతో కలిపి వేసుకోకూడదు. కాస్త ఓపిక రాగానే మానేస్తే నిల్వ నిండదు, అందుకు నెలలు పడుతుంది.

ఇక్కడో చిక్కుంది. జుట్టు కోసం అమ్మే మాత్రల్లో బయోటిన్ బాగా ఉంటుంది. కొన్ని ల్యాబుల పద్ధతుల్లో అది ఫెరిటిన్‌ను ఉన్నదానికన్నా తక్కువగా, విటమిన్ డి, బి12లను ఎక్కువగా చూపిస్తుంది. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఆ సంగతి ల్యాబులో చెప్పి, ఎన్ని రోజుల ముందు ఆపాలో అడగాలి.

తండ్రి ఫెరిటిన్ 410. అంతమాత్రాన ఇనుము ఎక్కువైందని కాదు. కాలేయంలో కొవ్వు, మద్యం, ఇన్‌ఫెక్షన్ కూడా ఈ అంకెను పెంచుతాయి. నిజంగా ఇనుము పేరుకుందేమో తేల్చడానికి ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ చేయించాలి. అందాకా ఐరన్ కలిసిన మల్టీవిటమిన్ ఆయన ముట్టకపోవడమే మేలు. జ్వరంతో ఉన్నప్పుడు చేయించిన పరీక్షలో 50 వచ్చినా నిశ్చింతగా ఉండలేకపోవడానికీ ఇదే కారణం.

తల్లి ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది. ఆ మందు బి12ను తగ్గించగలదు. ఆమెకొచ్చిన అంకె 230. 200 కన్నా తక్కువైతే లోపమనే అంటారు, 300 దాటితే మామూలుగా భయం లేదు, ఈ మధ్యలోనిది ఎటూ తేలదు. మిథైల్‌మలోనిక్ ఆమ్లం పరీక్షలో ఎక్కువుంటే లోపం ఉన్నట్టే లెక్క, కిడ్నీలు బాగుంటేనే సుమా. పాదాల తిమ్మిర్లను షుగర్ ఖాతాలో వేసేసి, తోచిన మాత్ర మొదలుపెడితే బి12 అంకె ఎగబాకి అసలు సంగతి మరుగున పడుతుంది. ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వేసుకుంటే ఇంకా ప్రమాదం: రక్తహీనత తగ్గినట్టే ఉంటుంది, నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

విటమిన్ డి ముగ్గురికీ 20 లోపే. మన దగ్గర డాక్టర్లు తరచూ రాసేది 60,000 యూనిట్ల సాచెట్, వారానికి ఒకటి, ఎనిమిది వారాలు. ఏ ఇబ్బందీ లేని ఆరోగ్యవంతులందరికీ ఈ పరీక్ష అక్కర్లేదని అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2024లో సూచించింది. పొరపాటు జరిగేది చీటీ చదవడంలో. వారానికొకటి అన్నది రోజుకొకటి అయినా, ఎనిమిది వారాలు ఏడాదిగా సాగినా రక్తంలో కాల్షియం పెరిగిపోవచ్చు. వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం కనిపిస్తే సాచెట్ ఆపి, కాల్షియం, క్రియాటినిన్ వెంటనే చూపించుకోవాలి.