హోటల్ ఆపి ఉంచిన ఐదు వేలు ఎప్పుడొస్తాయి?

విశాఖ బీచ్ రోడ్డులోని ఒక హోటల్ తన అతిథులకు చాలాకాలంగా పంపుతున్న సందేశం ఇది.

"డియర్ గెస్ట్, చెక్-ఇన్ సమయంలో మీ కార్డు నుంచి రూ.5,000 సెక్యూరిటీ డిపాజిట్‌గా కట్ చేయబడుతుంది. చెక్-అవుట్ తర్వాత 7 వర్కింగ్ డేస్‌లో రీఫండ్ చేయబడుతుంది. సందేహాలుంటే మీ బ్యాంకును సంప్రదించగలరు."

చదవడానికి మర్యాదగానే ఉంది. కానీ రిసెప్షన్‌కు వచ్చే ఫోన్లలో చాలా భాగం ఈ మూడు వాక్యాల వల్లే వస్తున్నాయి. ఇల్లు చేరి పది రోజులైనా రీఫండ్ మెసేజ్ రాలేదని ఒకరు అడుగుతారు. బ్యాంకుకు ఫోన్ చేస్తే హోటల్ వాళ్లనే అడగమన్నారని ఇంకొకరు విసుక్కుంటారు. హోటల్ ఎవరినీ మోసం చేయలేదు, డబ్బూ ఎక్కడికీ పోలేదు. చిక్కంతా చెప్పిన తీరులోనే ఉంది.

రిసెప్షన్‌లో కార్డు పెట్టినప్పుడు అసలేం జరుగుతుందో ముందు చూద్దాం. స్వైపింగ్ మెషీన్‌లో మామూలు అమ్మకానికి ఒక ఆప్షన్, ప్రీ-ఆథరైజేషన్‌కు మరో ఆప్షన్ ఉంటాయి. ఈ రెండోదాన్ని ఎంచుకుని ఐదు వేలు కొడితే, మీకు కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఒక ప్రశ్న వెళుతుంది: ఈ కార్డులో ఇంత మొత్తం ఉందా, ఉంటే మా కోసం పక్కన పెడతారా అని. బ్యాంకు సరేనంటే ఒక ఆథరైజేషన్ కోడ్ వస్తుంది. అది స్లిప్పు మీద అచ్చవుతుంది. అంతవరకే. హోటల్ ఖాతాలోకి రూపాయి కూడా రాదు. ఆర్టీసీ బస్సులో సీటు మీద కర్చీఫ్ వేసినట్టన్నమాట: సీటు బస్సులోనే ఉంది, అందులో ఎవరూ కూర్చోలేదు, అయినా అది ఇంకొకరికి దొరకదు.

పాత సందేశంలో 'కట్ చేయబడుతుంది' అన్న మాట ఇక్కడే తప్పుతోంది. దానికి తోడు, చాలా బ్యాంకులు హోల్డ్ పెట్టినప్పుడు కూడా కొనుగోలు జరిగినట్టే ఎస్సెమ్మెస్ పంపుతాయి. హోటలూ కట్ అంటుంది, ఫోనూ అదే అంటుంది. అలాంటప్పుడు డబ్బు పోయిందని అతిథి అనుకోవడంలో వింతేముంది?

రెండో తప్పు రీఫండ్ అనడం. దీన్ని మాట పట్టింపుగా తీసిపారేయడానికి లేదు. రీఫండ్ అంటే పోయిన డబ్బు తిరిగి రావడం. అప్పుడు స్టేట్‌మెంట్‌లో ఒక ఖర్చు, దాని కింద ఒక జమ కనిపిస్తాయి. హోల్డ్ తీసేసినప్పుడు అలా విడిగా జమ పడదు. పెండింగ్‌లో ఉన్న ఎంట్రీ మాయమవుతుంది, వాడుకోగల బ్యాలెన్సో క్రెడిట్ లిమిటో మళ్లీ పెరుగుతుంది. ఎస్సెమ్మెస్ కూడా చాలాసార్లు రాదు. రీఫండ్ వస్తుందని చెప్పినందుకు అతిథి రోజూ స్టేట్‌మెంట్ తెరిచి, ఎప్పటికీ రాని ఎంట్రీ కోసం వెతుకుతూ ఉంటారు. డబ్బు ఎప్పుడో అందుబాటులోకి వచ్చినా, రాలేదనే అనుకుంటారు.

విదేశాల్లో ఈ తేడా జేబుకు కూడా తగులుతుంది. పిల్లల గ్రాడ్యుయేషన్‌కని అమెరికా వెళ్లే తల్లిదండ్రులు అక్కడి హోటల్లో ఇండియా కార్డు ఇస్తారు. కేవలం హోల్డ్ పెట్టి తీసేస్తే, లావాదేవీ పూర్తికాలేదు కాబట్టి మారకం ఖర్చు సాధారణంగా పడదు. డాలర్లు నిజంగా వసూలు చేసి తర్వాత తిప్పి ఇస్తే మాత్రం, వెళ్లిన రోజు రేటు ఒకటి, వచ్చిన రోజు రేటు ఒకటి. మధ్యలో బ్యాంకు మార్కప్ కూడా ఉంటుంది. అందుకే తమ హోటల్ చేస్తున్నది ఈ రెంటిలో ఏదో సందేశం రాసేవాళ్లకు కచ్చితంగా తెలిసి ఉండాలి. డిపాజిట్‌ను యూపీఐలోనో మామూలు సేల్‌గానో తీసుకునే హోటల్ అయితే అక్కడ రీఫండ్ అన్న మాటే సరైనది. అలాంటి చోట హోల్డ్ అనడమే తప్పు.

ఇక అన్నిటికంటే పెద్ద గందరగోళం 'ఏడు పనిదినాలు'. ఈ ఒక్క అంకెలో రెండు వేర్వేరు గడువులు కలిసిపోయాయి. మొదటిది హోటల్ చేతిలో ఉంది: బిల్లు తేల్చి, మిగతాది వదిలేయండి అని కబురు పంపడం. ఇది చెక్-అవుట్ రోజునే చేయొచ్చు, చేయాలి. రెండోది బ్యాంకు చేతిలో ఉంది: ఆ కబురు అందుకుని హోల్డ్ ఎత్తేయడం. కొన్ని బ్యాంకులు కొన్ని గంటల్లో ఎత్తేస్తాయి, కొన్ని రోజులు తీసుకుంటాయి. హోటల్ అసలు కబురే పంపకపోతే హోల్డ్ దానంతటది కాలం తీరేదాకా ఉండిపోతుంది. మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో ప్రీ-ఆథరైజేషన్‌కు 30 రోజుల దాకా గడువుంది. తన పని ఎప్పుడు చేసిందో హోటల్ చెప్పకుండా, అంతా బ్యాంకు మీదికి నెడితే అతిథి ఎవరిని నమ్మాలి?

ఒక ఉదాహరణను తేదీలతో సహా చూద్దాం. ఒక కుటుంబం 14వ తేదీ శుక్రవారం దిగింది. గది అద్దె ముందే కట్టేశారు. రూ.5,000 హోల్డ్ పెట్టారు. రెండు రోజుల్లో రెస్టారెంట్ బిల్లు రూ.850 అయింది. 16వ తేదీ ఆదివారం మధ్యాహ్నం ఖాళీ చేశారు. క్యాషియర్ పాత హోల్డ్‌ను తెరిచి, అదే ఆథరైజేషన్ కోడ్ మీద రూ.850కి కంప్లీషన్ కొట్టాలి. అప్పుడు రూ.850 ఖర్చుగా నమోదవుతుంది, మిగిలిన రూ.4,150 విడుదలవుతుంది. రద్దీలో చాలాచోట్ల జరిగేది వేరు. రూ.850కి కొత్తగా సేల్ కొట్టేస్తారు. లేదా అతిథి ఆ బిల్లును యూపీఐలో కట్టేస్తారు. బిల్లు తీరిపోయింది కాబట్టి పని అయిపోయిందని ఇద్దరూ అనుకుంటారు. కానీ ఐదు వేల హోల్డ్‌ను ఎవరూ ముట్టుకోలేదు. అది అలాగే ఉంది. ఆలస్యమైన హోల్డుల ఫిర్యాదు వస్తే మొదట చూడవలసింది ఇదే: ఆ కోడ్ మీద కంప్లీషన్ గానీ రద్దు గానీ వెళ్లిందా, లేదా?

అన్నీ సరిగ్గానే చేశారనుకుందాం. ఆదివారం తర్వాత ఏడు పనిదినాలు అంటే ఎప్పటికి? సోమవారం 17 నుంచి శుక్రవారం 21 దాకా ఐదు. 22వ తేదీ ఆ నెలలో నాలుగో శనివారం, బ్యాంకులకు సెలవు. 23 ఆదివారం. 24, 25 కలిస్తే ఏడు. ఇంట్లో వేళ్ల మీద లెక్కపెట్టుకున్న అతిథి 23నే ఫోన్ చేస్తారు. అందులో వారి తప్పు లేదు. ఈ లెక్క హోటలే వేసి, 25వ తేదీ అని రాస్తే ఆ ఫోన్ రాదు.

పాత సందేశం అసలు ముట్టుకోని సంగతి ఒకటుంది. డెబిట్ కార్డుకూ క్రెడిట్ కార్డుకూ హోల్డ్ ఒకే రకంగా తగలదు. క్రెడిట్ కార్డులో లిమిట్ కొంత తగ్గుతుంది, చాలామందికి అది తెలియను కూడా తెలియదు. డెబిట్ కార్డులో ఆగేది సొంత డబ్బు. ఖాతాలో పన్నెండు వేలు ఉన్నవారికి ఐదు వేలు హోల్డ్ పడితే వాడుకోవడానికి ఏడు వేలే మిగులుతాయి. ఆ వారంలో ఎనిమిది వేల ఈఎంఐ ఉంటే బౌన్స్ అవుతుంది, పెనాల్టీ పడుతుంది. ఈ విషయం రిసెప్షన్‌లో సామాన్లతో నిలబడ్డప్పుడు చెబితే లాభం లేదు, అప్పటికి చేతిలో ఏ కార్డు ఉంటే అదే ఇస్తారు. అందుకే సందేశం ఒకటి కాదు, రెండు ఉండాలి. ఒకటి రాకముందు, రెండోది వెళ్లేటప్పుడు.

మొదటిది ఇలా రాయొచ్చు:

"నమస్కారం. 14వ తేదీన మీరు చెక్-ఇన్ చేసేటప్పుడు భోజనం, లాండ్రీ వంటి అదనపు ఖర్చుల కోసం మీ కార్డులో రూ.5,000 హోల్డ్ పెడతాం. ఈ డబ్బు మా ఖాతాకు రాదు. అయితే హోల్డ్ తీసేదాకా మీరు దాన్ని వాడుకోలేరు. మీ బ్యాంకు నుంచి ఖర్చయినట్టు ఎస్సెమ్మెస్ రావచ్చు. డెబిట్ కార్డు ఇస్తే మీ ఖాతాలో సొమ్మే ఆగుతుంది కాబట్టి, వీలైతే క్రెడిట్ కార్డు తెచ్చుకోండి."

రెండోది, చెక్-అవుట్ రోజున:

"మీ కార్డులో 14న పెట్టిన రూ.5,000 హోల్డ్‌లో రూ.850 రెస్టారెంట్ బిల్లుకు తీసుకున్నాం. మిగిలిన రూ.4,150 వదిలేయమని ఈ రోజే, 16వ తేదీన, బ్యాంకుకు కబురు పంపాం. మీ బ్యాంకును బట్టి 25వ తేదీ లోపు ఆ మొత్తం మీకు అందుబాటులోకి రావాలి. విడిగా జమ ఎంట్రీ కనిపించదు, వాడుకోగల బ్యాలెన్స్ చూసుకోండి. 25 దాటితే ముందు మాకే ఫోన్ చేయండి, కంప్లీషన్ వివరాలు ఇస్తాం. బిల్లు స్లిప్పు మీద ఉన్న ఆథరైజేషన్ కోడ్ దగ్గర ఉంచుకోండి. హోల్డ్ తీయడానికి మేం ఓటీపీ అడగం, లింకు పంపం."

పొడవు పెరిగిందని మేనేజర్లు అంటారు. పెరిగింది నిజమే. కానీ 'చేయబడుతుంది' అన్నచోట ఎవరు చేస్తారో వచ్చింది, రోజుల లెక్క ఉన్నచోట తేదీ వచ్చింది. 'బ్యాంకును సంప్రదించగలరు' అన్నచోట 'ముందు మాకే' అని వచ్చింది. ఇది చాలా అవసరం. బ్యాంకు కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే, వ్యాపారి విడుదల చేయాలి అంటారు. హోటల్ దగ్గర రుజువు ఉంటే అతిథి ఆ కోడ్, తేదీ, మొత్తం చెప్పి బ్యాంకుతో గట్టిగా మాట్లాడగలరు. రుజువు లేకుండా మధ్యలో నిలబడితే రెండు వైపులా తిరగడమే అవుతుంది. చివరి వాక్యం కూడా ఊరికే పెట్టింది కాదు. డిపాజిట్ తిరిగిస్తామంటూ లింకు పంపి కార్డు వివరాలు లాగేవాళ్లకు, ఇలా ఎదురుచూస్తున్న అతిథులే సులువుగా దొరుకుతారు.

ఒక్క జాగ్రత్త. '16న కబురు పంపాం' అని కంప్యూటర్ దానంతటదే అందరికీ పంపేలా పెట్టేయకూడదు. క్యాషియర్ కంప్లీషన్ కొట్టిన తర్వాతే ఆ సందేశం వెళ్లాలి. 25వ తేదీ అన్నది కూడా తమకు మెషీన్ ఇచ్చిన బ్యాంకును అడిగి, గత కొద్ది నెలల ఫిర్యాదులు చూసుకుని పెట్టుకోవలసిన గడువు. పక్క హోటల్‌ను చూసి రాసుకునేది కాదు. 24 గంటల్లో వస్తాయని ఆశపెట్టడం కంటే, కాస్త దూరంగా ఉన్నా నిలబడే తేదీ చెప్పడం మేలు.

పాఠకులు చేయగలిగింది కూడా ఒకటుంది. చెక్-అవుట్ దగ్గర బిల్లు ఏ రూపంలో కట్టినా, హోల్డ్‌ను రద్దు చేశారా అని నోరు తెరిచి అడగండి. ఆథరైజేషన్ కోడ్ ఉన్న స్లిప్పును ఫొటో తీసుకుని, బ్యాలెన్స్ సరిపోయేదాకా ఫోన్‌లో ఉంచుకోండి.