‘కుదరదు’ అనే జవాబును తిరగరాయడం

క్లయింటు పెట్టిన గడువు అందుకోలేనిదైనప్పుడు ‘అసాధ్యం’ అని రాసి పంపే జవాబు నిజమే కావచ్చు, కానీ అవతలివారికి దానితో ఏమీ తేలదు. ఎంత పని ఎప్పటికి అవుతుందో, ఏం మారిస్తే ఇంకాస్త ముందే అందుతుందో అందులో ఉండదు. దాన్ని తిరగరాయాలంటే మాట మెత్తబరిస్తే చాలదు, ముందు లెక్క వెయ్యాలి.

ఒక అనువాద సంస్థ సంగతి చూద్దాం. 5వ తేదీ సోమవారం ఉదయం ఒక కంపెనీ 20 వేల పదాల శిక్షణ పుస్తకం పంపి, 9వ తేదీ శుక్రవారానికల్లా తెలుగులో కావాలంది. ‘నాలుగు రోజుల్లో ఇంత పనా? అసాధ్యం’ అన్నది మొదట చేతికొచ్చే జవాబు. నిదానంగా పనిచేసే అనువాదకుడు రోజుకు సుమారు 2 వేల పదాలు చేస్తాడు. అంటే అనువాదానికే 10 పనిదినాలు, ఎడిటింగుకు మరో మూడు. ఇక అడగాల్సింది ఒక్కటే: శుక్రవారమే ఎందుకు? 12వ తేదీ సోమవారం శిక్షణ మొదలవుతుందని, మొదటి వారంలో మూడు అధ్యాయాలే చెబుతారని తెలిస్తే దారి దొరికినట్టే. ఆ మూడూ కలిపి 6 వేల పదాలే.

అప్పుడు జవాబు ఇలా ఉంటుంది: ‘మీ శిక్షణ 12న మొదలవుతుందని గమనించాం. పుస్తకం మొత్తం 9వ తేదీకి ఇవ్వలేం. రెండు మార్గాలున్నాయి. ఒకటి: మొదటి మూడు అధ్యాయాలు ఎడిటింగుతో సహా 9న, మిగతావి 21న, ధర మారదు. రెండు: ముగ్గురు అనువాదకులతో మొత్తం పుస్తకం 14న, అదనపు ఛార్జీ ఉంటుంది, 12వ తేదీకి మాత్రం ఏదీ చేతికి రాదు. మీ అవసరానికి మొదటిదే నయమని మా అభిప్రాయం. ఈ సాయంత్రం 5 గంటల్లోగా చెబితే రేపు ఉదయం పని మొదలుపెడతాం.’

ఇందులో ‘ఇవ్వలేం’ అన్న మాటను దాచలేదు. మర్యాద కోసం దాన్ని ‘ప్రయత్నిస్తాం’గా మారిస్తే క్లయింటు అది ఒప్పుకోలు అనుకుంటాడు, శుక్రవారం సాయంత్రం గొడవ తప్పదు. ముగ్గురిని పెట్టినా పని మూడో వంతు కాలంలో ముగియదు. ఒకే పారిభాషిక పదాన్ని ముగ్గురూ మూడు రకాలుగా రాయకుండా ముందే పదాల జాబితా తయారుచేయాలి, చివర్లో ఒకే ఎడిటర్ మొత్తం చదవాలి. 14వ తేదీ అనడానికి కారణం అదే. ఎడిటింగ్ వదిలేసి 9నే ఇస్తామనడం కూడా మార్గంలా కనిపిస్తుంది గానీ, అచ్చుకు వెళ్లే పుస్తకానికి దాన్ని అసలు ప్రతిపాదించకూడదు. ఒకసారి రాశాక క్లయింటు దాన్నే ఎంచుకోవచ్చు. నిలబెట్టుకోగలిగిన మార్గాలే కాగితం మీదకు రావాలి.

సాయంత్రం 5 గంటలన్నదీ ఊరికే పెట్టింది కాదు. మూడు అధ్యాయాల అనువాదానికి మంగళ, బుధ, గురువారాలు, ఎడిటింగుకు శుక్రవారం పూర్తిగా కావాలి. క్లయింటు జవాబు ఒక్కరోజు ఆలస్యమైతే 9వ తేదీ మాట చెల్లదు, కొత్త తేదీలతో మళ్లీ రాయాలి.