‘రద్దు’ అన్న ఒక్క మాట

2023 మే 19, శుక్రవారం. రెండు వేల రూపాయల నోటు గురించి ఆ సాయంత్రం రిజర్వ్ బ్యాంకు ఒక ప్రకటన ఇచ్చింది. గంట తిరక్కుండానే ఫోన్లన్నీ మోగడం మొదలుపెట్టాయి. ‘రెండు వేల నోటు రద్దు’ అని ఒకరు, ‘మళ్లీ నోట్ల రద్దు’ అని ఇంకొకరు. బీరువాలో పది నోట్లు దాచుకున్నవాళ్లకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తమాషా ఏమిటంటే, నోటు చట్టబద్ధంగా చెల్లుతూనే ఉంటుందన్న మాట ఆ ప్రకటన శీర్షికలోనే ఉంది. చలామణి నుంచి ఉపసంహరణ, చెల్లుబాటు మాత్రం కొనసాగింపు అని అందులో రెండు ముక్కలు. పోస్టులు రాసినవాళ్లలో చాలామంది మొదటి ముక్క దగ్గరే ఆగిపోయారు. ఆ ముక్కను తెలుగు చేయడానికి చేతికందిన మాట ‘రద్దు’. 2016 నవంబర్ 8 రాత్రి ఐదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవని ప్రకటించినప్పటి నుంచి ‘పెద్దనోట్ల రద్దు’ అన్నది మన నాలుక మీద అలాగే ఉండిపోయింది. అప్పుడు జరిగింది నిజంగా రద్దే. ఆ అర్ధరాత్రి దాటాక ఆ నోట్లు మామూలు లావాదేవీలకు చెల్లలేదు. 2023లో జరిగింది వేరు. బ్యాంకులు ఇకమీదట రెండు వేల నోటును జనానికి ఇవ్వకూడదు, జనం తమ దగ్గరున్నవాటిని తెచ్చి మార్చుకోవచ్చు, అంతే.

అంటే ఇలాంటి వార్త మీద నాలుగు ముక్కల వివరణ రాయడానికి కూర్చున్న మనిషి మొదట చూడాల్సింది ప్రకటనలోని క్రియాపదాలను. ఎవరు, ఎవరికి, ఏం చేయమన్నారు? మే 19 ప్రకటనను ఆ కంటితో చదివితే విషయం విడివిడిగా కనిపిస్తుంది. నోట్లు ఇవ్వడం వెంటనే ఆపేయమన్నది బ్యాంకులకు. మార్చుకోవచ్చు, ఖాతాలో వేసుకోవచ్చు అన్నది జనానికి. మార్పిడి మొదలయ్యేది మే 23న, గడువు సెప్టెంబర్ 30. ఈ వాక్యాల్లో ఎక్కడా ‘చెల్లదు’ అన్న మాట లేదు. లేనప్పుడు పోస్టులోనూ ఉండకూడదు.

అంకెల దగ్గర ఇంకో రకం పొరపాటు జరిగింది. మార్పిడికి పరిమితి ఒక్కసారికి ఇరవై వేలు, అంటే పది నోట్లు. చాలా పోస్టుల్లో ఇది ‘రోజుకు ఇరవై వేలు’ అయింది. ‘ఒక్కసారికి’, ‘రోజుకు’ దగ్గర మాటల్లా కనిపిస్తాయి కానీ వరుసలో నిలబడినవాడికి రెండూ ఒకటి కాదు. పైగా ఈ ఇరవై వేల హద్దు కౌంటర్లో నోటిచ్చి నోటు తీసుకోవడానికే. సొంత ఖాతాలో జమ చేసుకునేవాళ్లకు కొత్తగా ఏ పరిమితీ పెట్టలేదు, మామూలు కేవైసీ నిబంధనలే వర్తిస్తాయి. ఈ రెండింటినీ కలిపేసి ‘ఇరవై వేలకు మించి బ్యాంకు తీసుకోదు’ అని రాసిన పోస్టు చదివి, లక్ష రూపాయలున్న చిరువ్యాపారి ఎంత కంగారుపడి ఉంటాడో ఊహించుకోవచ్చు.

ఆ వారాంతంలో ఫారం గొడవ మొదలైంది. నోట్లు మార్చుకోవాలంటే ఒక ఫారం నింపాలని, గుర్తింపు కార్డు చూపాలని చెబుతూ ఫారం నమూనా ఒకటి చేతులు మారింది. ఆదివారం, మే 21 నాటికి భారతీయ స్టేట్ బ్యాంకు తన శాఖలకు పంపిన ఆదేశం బయటికి వచ్చింది. ఇరవై వేల వరకు మార్పిడికి ఫారమూ అక్కర్లేదు, గుర్తింపు కార్డూ అక్కర్లేదని అందులో ఉంది. జాగ్రత్తగా రాసేవాళ్లు కూడా జారిపడింది ఇక్కడే. ‘ఏ బ్యాంకులోనూ ఫారం అక్కర్లేదు’ అని రాసేశారు. ఆదేశం ఇచ్చింది ఒక్క బ్యాంకు, అదీ తన శాఖలకు. మిగతా బ్యాంకుల తరఫున మాట్లాడే అధికారం దానికి లేదు. మార్పిడి మొదలైన రోజుల్లో కొన్నిచోట్ల ఫారం, గుర్తింపు కార్డు అడిగారన్న వార్తలు వచ్చేసరికి, ఆ పోస్టు పట్టుకుని కౌంటర్ దగ్గర వాదించినవాడు వెర్రిమొహం వేసుకుని నిలబడాల్సి వచ్చింది. ‘ఫారం అక్కర్లేదని స్టేట్ బ్యాంకు తన శాఖలకు చెప్పింది, మీ బ్యాంకులో అడిగి వెళ్లండి’ అని రాసి ఉంటే ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోవాల్సిన పని ఉండేది కాదు.

ఇక ‘ఎందుకు’ అన్న ప్రశ్న. పాఠకుడు ముందుగా అడిగేది ఇదే, రాసేవాడికి చెయ్యి దురద పుట్టించేదీ ఇదే. నల్లధనం మీద దెబ్బ అన్నారు, ఎన్నికల లెక్క అన్నారు. ప్రకటనలో ఉన్న కారణాలు చాలా చప్పగా ఉంటాయి. 2016లో నోట్ల కొరత తీర్చడానికి తెచ్చిన నోటు ఇది, ఆ అవసరం తీరింది. 2018-19లోనే ముద్రణ ఆగిపోయింది. ఉన్న నోట్లలో 89 శాతం దాకా 2017 మార్చికి ముందు ఇచ్చినవే, నోటు ఆయుష్షు నాలుగైదేళ్లు కాబట్టి అవి పాతబడ్డాయి. మామూలు కొనుగోళ్లకూ పెద్దగా వాడటం లేదు. 2013-14లో కూడా ఇలాగే కొన్ని నోట్లను ఉపసంహరించామని అదే ప్రకటన గుర్తుచేసింది. దీన్ని ‘రిజర్వ్ బ్యాంకు చెప్పిన కారణం’ అని పెట్టి, మిగతావి రాయక తప్పదనుకుంటే, అన్నవాళ్ల పేరుతో వేరే వాక్యంలో రాయాలి. పేరు పెట్టడానికి మనిషి దొరక్కపోతే ఆ వాక్యమే వద్దు.

నిజానికి ఈ నోటు పుట్టుకే ఒక పుకారుతో జరిగింది. లోపల నానో చిప్ ఉందని, భూమిలో 120 మీటర్ల లోతున పాతినా ఉపగ్రహం పసిగడుతుందని 2016లో ఊరూవాడా చెప్పుకున్నారు. కొన్ని టీవీ చానళ్లూ చెప్పాయి. నోటు వెనక మంగళయాన్ బొమ్మ దగ్గర్నుంచి దారం రంగు మారడం దాకా ప్రతి గుర్తునూ రిజర్వ్ బ్యాంకు ఒక జాబితాగా ఇచ్చింది. అందులో చిప్ లేదు. చూడటానికి రెండు నిమిషాలు చాలు.

ఇవన్నీ దాటుకుని ఆ శుక్రవారం రాత్రి రాయగలిగిన పోస్టు ఇంతే ఉండేది: ‘రెండు వేల నోటు ఇప్పటికీ చెల్లుతుంది. బ్యాంకులు కొత్తగా ఇవ్వవు. మే 23 నుంచి సెప్టెంబర్ 30 వరకు మార్చుకోవచ్చు, ఒక్కసారికి 20,000. ఖాతాలో వేసుకోవచ్చు. సెప్టెంబర్ 30 తర్వాత ఏమిటన్నది రిజర్వ్ బ్యాంకు ఇంకా చెప్పలేదు. మే 19 రాత్రి నాటి సమాచారం.’ చివరి రెండు వాక్యాలూ రాయడానికి చాలామందికి మనసొప్పదు. తెలియదని ఒప్పుకున్నట్టు ఉంటుందని జంకు. ఆ ఖాళీని ‘సెప్టెంబర్ 30 తర్వాత చిత్తుకాగితమే’ అని పూరించినవాళ్లు ఎందరో. మే 22న గవర్నర్ శక్తికాంత దాస్ నోటు చెల్లుబాటు కొనసాగుతుందని మళ్లీ చెప్పారు.

గడువు రోజు రానే వచ్చింది. సెప్టెంబర్ 30న రిజర్వ్ బ్యాంకు దాన్ని అక్టోబర్ 7కు పొడిగించింది. అప్పటికి 96 శాతం నోట్లు వెనక్కి వచ్చేశాయి. మిగిలినవీ చెల్లుతూనే ఉంటాయని, అక్టోబర్ 8 నుంచి మాత్రం మార్పిడి రిజర్వ్ బ్యాంకుకు చెందిన 19 కార్యాలయాల్లోనేనని తెలిపింది. మే నెల పోస్టును దిద్దకుండా వదిలేసినవాళ్ల గోడ మీద పాత తేదీ అలాగే మిగిలింది. కొత్తగా రాసినవాళ్లలోనూ చాలామంది ‘19 కార్యాలయాలు’ అని రాసి ఊరుకున్నారు. ఆ జాబితాలో హైదరాబాద్ ఉంది, చెన్నై ఉంది, ఆంధ్రప్రదేశ్‌లోని ఊరు మాత్రం ఒక్కటీ లేదు. శ్రీకాకుళంలో రెండు నోట్లు మిగుల్చుకున్న పెద్దావిడకు కావాల్సిన వాక్యం వేరే ఉంది: హైదరాబాద్ దాకా వెళ్లక్కర్లేదు, తపాలా కార్యాలయం నుంచి ఆ నోట్లను రిజర్వ్ బ్యాంకుకు పంపితే డబ్బు ఆమె ఖాతాలో పడుతుంది.