అవకాశమనగా సెలవు

జబల్పూరులో కొత్తగా కాపురము పెట్టిన తెలుగు గృహిణి యొకతె, ఆరవ తరగతిలో చేరవలసిన కుమార్తెకై ఒక పాఠశాలకు పోయి, అచ్చట అద్దపు పెట్టెలో అంటించిన హిందీ ప్రకటనను ఫోనుతో ఫోటో తీసి తెనాలిలోని తండ్రికి పంపెను. ఆయన చిన్ననాడు హిందీ పరీక్షలకు చదివినవారు. లిపి బాగుగా తెలియును గాని వాడుక తప్పి చాలకాలమైనది.

"పరవాలేదమ్మా, సగానికి సగం మన మాటలే ఉన్నాయి" అని ఆయన ధైర్యము చెప్పిరి. చిక్కంతయు ఆ సగములోనే యున్నది.

"కక్షా" 6లో ప్రవేశమునకు "ఆవేదన్" యొక్క "అంతిమ్ తిథి" ఏప్రిల్ 15 అని మొదటి వాక్యము. తెలుగువానికి కక్ష యనగా పగ. ఆవేదన యనగా గుండెలోని బాధ. పగలో ప్రవేశించుటకు బాధ యేల? ఇట్టి తప్పు ఎవరిని మోసగింపదు. వాక్యము నవ్వు పుట్టించును గనుక చదువరి తానే ఆగి, హిందీలో కక్షా తరగతి యనియు, ఆవేదన్ దరఖాస్తు అనియు గ్రహించును. సంస్కృతమున ఆవేదనమనగా తెలియజేయుట. హిందీ ఆ యర్థమును నిలుపుకొన్నది. తెలుగులో పక్కనున్న వేదన దానిని తన వైపు లాగికొన్నది. ఇక తిథి యనగా పంచాంగములోని తిథి కాదు, తేదీ యని పక్కనున్న అంకెయే చెప్పుచున్నది.

రెండవ వాక్యము ఇంత సులభము కాదు. దరఖాస్తుతో "జన్మ ప్రమాణ్ పత్ర్", వెనుకటి పాఠశాల యిచ్చిన "చరిత్ర్ ప్రమాణ్ పత్ర్" జతపరుపవలెనట. తెలుగులో ప్రమాణపత్రమనగా ఒట్టు పెట్టి వ్రాసి యిచ్చు అఫిడవిట్టు. తండ్రి అట్లే తలచి, నోటరీ యొద్ద పిల్ల పుట్టిన తేదీకి స్టాంపు కాగితము వ్రాయింపుమని చెప్పిరి. ఇచ్చట నవ్వు పుట్టలేదు. అర్థము కుదిరినట్లే యున్నది. సాయంకాలము నిఘంటువు తీసి చూచినగాని, హిందీలో ప్రమాణ్ అనగా నిదర్శనమని, వారడిగినది జనన ధ్రువపత్రమని తేలలేదు. అది ఆమె యింటి పెట్టెలోనే యున్నది. చరిత్ర సంగతియు నింతే. సంస్కృత చరిత్రమునకు నడవడి, నడచిన కథ యను రెండర్థములు నుండగా, హిందీవారు మొదటిదానిని, మనము రెండవదానిని ఎక్కువగా పట్టుకొంటిమి. కావలసినది పిల్ల నడవడిని గూర్చిన పత్రము.

మూడవ వాక్యము దగ్గర ఫోటో కూడ మోసమునకు తోడైనది. అద్దముపై పడిన వెలుగు ఆ పంక్తి నడుమ తెల్లని మచ్చ వేసినది. మిగిలిన మాటలు ఇవి: "అవకాశ్ కే దిన్ ఆవేదన్ ... లియే జాయేఁగే." అవకాశమున్న దినమున దరఖాస్తులు తీసికొందురని ఆయన తెనిగించిరి.

"అయితే 14వ తేదీన వెళతాం నాన్నగారూ, ఆ రోజు ఆయనకి సెలవు" అని కుమార్తె సంతోషించెను. ఏప్రిల్ 14 అంబేద్కర్ జయంతి.

అవకాశమునకు సంస్కృతమున సందు, ఖాళీ చోటు అని అర్థము. పని నడుమ దొరకు సందు హిందీవారికి సెలవైనది. లోనికి పోవుటకు దొరకు సందు మనకు వీలైనది. మనము అవకాశమనుదానిని వారు "అవసర్" అందురు. మన అవసరము వారికి "ఆవశ్యకతా". ఈ మాటలు కుర్చీలాట ఆడినట్లు చోట్లు మార్చుకొన్నవి.

ఆయనకు సందేహము కలిగినది అర్థమువలన కాదు, మచ్చవలన. తక్కిన పంక్తులలో మాటకు మాటకు నడుమ ఎడము స్వల్పము. ఇచ్చట ఒక మాట పట్టునంత ఎడమున్నది. పైగా దేవనాగరిలో అక్షరముల నెత్తి గీత మాట పొడవున సాగును. మచ్చ అంచున ఆ గీత తునక యొకటి తెగి కనబడుచుండెను. హిందీలో కాదనుటకు వాడు "నహీఁ" సాధారణముగా క్రియకు ముందు, సరిగా ఆ చోటనే నిలుచును. మనకు "తీసికొనరు" అని వ్యతిరేకార్థము క్రియలోనే కలిసి యుండుటచే, ఆ చోటు ఖాళీగా నున్నను తెలుగు చెవికి లోటు తోచదు.

"కొంచెం పక్కకు జరిగి, వెలుగు పడకుండా చెయ్యి అడ్డుపెట్టి మళ్లీ తియ్యి తల్లీ" అని ఆయన ఫోనుచేసి చెప్పిరి.

రెండవ ఫోటోలో "నహీఁ" స్పష్టముగా నున్నది. సెలవు దినమున దరఖాస్తులు తీసికొనరు. ఒక మాట మరుగుపడి, ఒక మాట అర్థము మారి, రెండును కలిసి నిక్షేపమువంటి తెలుగు వాక్యమై కూర్చున్నవి. ఒక్క తప్పే జరిగియున్నచో వాక్యము ఎక్కడనో తడబడియుండెడిది.

13వ తేదీ ఉదయము ఆమె యొక్కతెయే పోయి దరఖాస్తు నిచ్చెను. నడవడి పత్రము మాత్రము ఇంకను రాలేదు. ముందుగా దాని ఫోటో చూపినను చాలునని గుమస్తా చెప్పగా, తండ్రి ఆ పూటయే తెనాలిలోని పాత పాఠశాలకు బయలుదేరిరి.