బాకీల స్టేట్‌మెంట్‌కు తోడుగా వెళ్లే మెయిల్

నెలాఖరుకు డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు నుంచి షాపులకు బాకీల స్టేట్‌మెంట్ వెళ్తుంది. ఏ బిల్లు ఎన్నాళ్లుగా నిలిచిపోయిందో 0–30, 31–60, 61–90, 90 రోజులు దాటినవి అని నాలుగు గళ్లలో చూపిస్తుంది. దానికి జతగా పంపే మెయిల్ మాత్రం చాలాచోట్ల ఏళ్ల తరబడి మారదు. విజయవాడలో ఒక కిరాణా సరుకుల డిస్ట్రిబ్యూటర్ గుంటూరు సూపర్‌మార్కెట్‌కు ఇలా రాశాడనుకుందాం:

"మాతో వ్యాపారం చేస్తున్నందుకు కృతజ్ఞతలు. మీ ఖాతాలో రూ.4,86,200 గడువు దాటిన బాకీ ఉంది. జతచేసిన స్టేట్‌మెంట్ చూసి వీలైనంత త్వరగా చెల్లించగలరు. ఇప్పటికే చెల్లించి ఉంటే ఈ మెయిల్‌ను పట్టించుకోవద్దు."

మర్యాదకు లోటు లేదు, కానీ డబ్బు రాదు. "వీలైనంత త్వరగా" అన్నది తేదీ కాదు. చివరి వాక్యమైతే మెయిల్ పక్కన పెట్టేయమని మనమే చెప్పినట్టు. వీటికంటే పెద్ద తప్పు ఆ అంకెలో ఉంది.

ఈ షాపుకు 30 రోజుల అరువు ఉంది. స్టేట్‌మెంట్ గళ్లు బిల్లు తేదీ నుంచి లెక్కించినవి. అంటే మొదటి గడిలోని రూ.1,92,000కు ఇంకా గడువే దాటలేదు. మొత్తాన్ని "గడువు దాటిన బాకీ" అనగానే షాపు అకౌంటెంట్ ఆ ఒక్క మాట పట్టుకుని జవాబు రాస్తాడు. నిజంగా ఆలస్యమైన బిల్లులు కూడా ఆ వాదనతో పాటే ఆగిపోతాయి.

మిగతా గళ్లలో వరుసగా రూ.1,48,500, రూ.84,300, రూ.61,400 ఉన్నాయి. చివరి గడిలో ఉన్నవి రెండే బిల్లులు: రూ.38,600, రూ.22,800. మొదటిదానికి షాపువాళ్లు ఎప్పుడో డబ్బు పంపారు. బ్యాంకులో పడిన సొమ్ముకు బిల్లు నంబరు లేకపోవడంతో గుమాస్తా దాన్ని "ఆన్ అకౌంట్" కింద జమ వేసి వదిలేశాడు. ఆ జమ తీసివేయకుండానే మెయిల్‌లో బాకీ రాశారు. రెండోదాంట్లో గడువు తీరిన సరుకు రూ.4,200 మేర వెనక్కి వచ్చింది, క్రెడిట్ నోట్ మాత్రం వేయలేదు. ఈ రెండూ సరిచేస్తే 90 దాటిన గడిలో మిగిలేది రూ.18,600. అసలు బాకీ రూ.4,43,400, అందులో గడువు దాటింది రూ.2,51,400. మెయిల్ కుదించే పని ఇక్కడ, లెక్కల పుస్తకంలో మొదలవుతుంది. లెక్క తేలకుండా వాక్యాలు ఎంత చెక్కినా లాభం లేదు.

ఇప్పుడు మెయిల్ ఇలా ఉండొచ్చు:

"విషయం: సెప్టెంబరు 30 నాటి స్టేట్‌మెంట్ – రూ.1,02,900 అక్టోబరు 10లోగా

నమస్కారమండీ. సెప్టెంబరు 30 నాటికి మీ ఖాతాలో బాకీ రూ.4,43,400. ఇందులో 30 రోజుల గడువు దాటింది రూ.2,51,400.

60 రోజులు దాటిన బిల్లుల మొత్తం రూ.1,02,900 అక్టోబరు 10లోగా పంపండి. బిల్లు నంబర్లు స్టేట్‌మెంట్‌లో పసుపు రంగులో ఉన్నాయి. వెనక్కి వచ్చిన సరుకుకు రూ.4,200 క్రెడిట్ నోట్ వేశాం, జతచేశాం.

ఏ బిల్లుపైనైనా అభ్యంతరం ఉంటే దాని నంబరు అక్టోబరు 5లోగా చెప్పండి, మిగతావి ఆపకండి. డబ్బు పంపాక ఏయే బిల్లులకో రాయండి. మా బ్యాంకు ఖాతా మారలేదు."

అడిగింది మొత్తం బాకీ కాదని గమనించండి. 31–60 గడిని ఈసారికి వదిలేయడం మెతకదనం కాదు. ఒక అంకె, ఒక తేదీ ఉంటే అవతలివాళ్లు చెల్లింపుల జాబితాలో దాన్ని నేరుగా ఎక్కించుకోగలరు. బ్యాంకు ఖాతా గురించి చివర రాసిన మాట కూడా ఊరికే రాసింది కాదు. ఖాతా మారిందంటూ దొంగ మెయిళ్లతో డబ్బు కాజేసే మోసాలు జరుగుతున్నాయి.

చట్టం పేరు ఎత్తాలనుకుంటే జాగ్రత్త. చిన్న పరిశ్రమల చట్టంలోని 45 రోజుల నిబంధనను చాలామంది మెయిల్ కింద అతికిస్తారు. 2021లో టోకు, చిల్లర వర్తకులకు ఉద్యమ్ నమోదు ఇచ్చినా, దాని లాభాన్ని ప్రాధాన్య రంగ రుణాలకే పరిమితం చేశారు. సరుకు కొని అమ్మే డిస్ట్రిబ్యూటర్ ఆ బెదిరింపు చేస్తే తెలిసిన అకౌంటెంట్ దగ్గర మిగతా మెయిల్ విలువ కూడా పోతుంది. పనికొచ్చేది జీఎస్టీ నిబంధన. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు చెల్లించకపోతే, కొన్నవారు ఆ మేరకు తీసుకున్న పన్ను క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. చెల్లించాక క్రెడిట్ మళ్లీ తీసుకోవచ్చు. మన రూ.18,600 బిల్లు మే 29ది. నవంబరు 25తో 180 రోజులు నిండుతాయి. అక్టోబరు 10కి డబ్బు రాకపోతే, తర్వాతి మెయిల్‌లో ఆ తేదీని ఒక్క వాక్యంలో గుర్తుచేయండి. అది వాళ్లకూ మేలు చేసే మాటే.

ఈ నెల మెయిల్ రాయడానికి కూర్చునే ముందు, ఆన్ అకౌంట్ కింద పడి ఉన్న జమలు ఒకసారి తెరిచి చూడండి.